కొత్త ప్లాస్టింగ్ గోడకి లప్పం ఎన్ని కిలోలు పడుతుంది, ప్రైమర్ ఎంత పడుతుంది, లెక్క ఎక్కడ తప్పుతుంది

ఇల్లు కట్టేవాళ్ళకి పెయింటింగ్ మొదలయ్యే టైంకి ఒక గొడవ దాదాపు ఖాయంగా వస్తుంది. వాల్ పుట్టీ బస్తా మీద కిలోకి ఇన్ని స్క్వేర్ ఫీట్ వస్తుందని ప్రింట్ ఉంటుంది, ఓనర్ ఆ నంబర్‌తో భాగించి బస్తాలు తెప్పిస్తాడు, మొదటి కోటు సగంలో ఉండగానే పెయింటర్ వచ్చి ఇంకో రెండు బస్తాలు కావాలంటాడు. ఓనర్‌కి పెయింటర్ మెటీరియల్ వేస్ట్ చేస్తున్నాడనో, పక్కకి తీస్తున్నాడనో అనుమానం. పెయింటర్‌కేమో గోడ చూడకుండా లెక్క వేశారని కోపం. చాలాసార్లు ఇద్దరి తప్పూ ఉండదు, అసలు ఆ కవరేజీ నంబర్ ఏం చెప్తోందో ఇద్దరూ ఒకేలా అర్థం చేసుకోకపోవడమే సమస్య. ఇక్కడ చూసేది వైట్ సిమెంట్ బేస్ ఉన్న పౌడర్ పుట్టీ గురించి, మన దగ్గర కొత్త గోడలకి ఎక్కువగా వాడేది అదే, లప్పం అన్నా అదే.

ముందు ఆ నంబర్ సంగతి. బస్తా మీద కిలోకి 18 అనో 20 అనో ఉంటే దాని పక్కనే చిన్న అక్షరాల్లో రెండు మాటలు ఉంటాయి, ఒకటి "రెండు కోట్లకి" అని, రెండోది "నున్నటి ఉపరితలం మీద" అని. ఈ రెండూ చదవకపోతే లెక్క ఏ వైపుకైనా పోతుంది. రెండు కోట్లకి కలిపి ఇచ్చిన నంబర్‌ని ఒక్క కోటు నంబర్ అనుకుని, రెండు కోట్లు కాబట్టి డబుల్ తెప్పిస్తే సగం బస్తాలు మిగిలిపోతాయి. అదే పెయింటర్ నోటి వెంట వచ్చిన ఒక్క కోటు నంబర్‌ని రెండు కోట్లకీ సరిపోతుందనుకుంటే సగం పనికే మెటీరియల్ అయిపోతుంది. అందుకే ఎవరు ఏ కవరేజీ చెప్పినా వెంటనే అడగాల్సింది "ఇది ఒక కోటుకా, రెండిటికి కలిపా?" అనే ఒక్క ప్రశ్న.

కోటు కోటుకి కవరేజీ ఒకటి కాదు, ఇది తెలిసిన విషయమే గానీ లెక్కలో మాత్రం చాలామంది వదిలేస్తారు. మొదటి కోటు ప్లాస్టింగ్ మీద ఉన్న ఇసుక రేణువుల మధ్య గుంటల్లోకి, పిన్ను మొనంత రంధ్రాల్లోకి పోతుంది, కాబట్టి ఎక్కువ తాగుతుంది. ఓ మాదిరిగా బాగున్న ప్లాస్టింగ్ మీద కిలోకి 20 స్క్వేర్ ఫీట్ దగ్గర వస్తుందని పట్టుకోవచ్చు. రెండో కోటు వెళ్ళేది ఆల్రెడీ నిండిన గోడ మీద కాబట్టి కిలోకి 30 వరకు వస్తుంది. మరి రెండు కోట్లకి కలిపి ఎంత? 20, 30 సగటు 25 అని చెప్పేవాళ్ళు ఉన్నారు, అది ఒక కోటుకి సగటే తప్ప మొత్తానికి కాదు, పైగా సరైన సగటు కూడా కాదు. కవరేజీలని కూడకూడదు, కిలోలని కూడాలి. 60 స్క్వేర్ ఫీట్ ముక్క తీసుకుంటే మొదటి కోటుకి 3 కిలోలు, రెండో కోటుకి 2 కిలోలు, మొత్తం 5 కిలోలు, అంటే రెండు కోట్లకి కలిపి కిలోకి 12 స్క్వేర్ ఫీట్. బస్తా మీద 18, గోడ మీద 12, తేడా అక్కడే కనపడుతోంది. కంపెనీ అబద్ధం చెప్పిందని కాదు, వాళ్ళు చెప్పిన నున్నటి గోడ మన గోడ కాదు, అంతే.

అసలు కవరేజీ అంటే మందమే, ఇంకో రూపంలో రాసిన మందం. కిలో పౌడర్‌లో 36 నుంచి 40 శాతం దాకా నీళ్ళు కలిపితే దాదాపు ముప్పావు లీటరు ముద్ద తయారవుతుంది. ఈ ముప్పావు లీటరు ఎంత పల్చగా లాగితే అంత ఏరియా వస్తుంది, ఎంత మందంగా పెడితే అంత తగ్గిపోతుంది, ఇందులో బ్రాండ్ మహిమ పెద్దగా ఏం లేదు. 100 స్క్వేర్ ఫీట్ గోడ మీద సరిగ్గా 1 మిల్లీమీటరు మందంతో పరవాలంటే 9 లీటర్ల పైచిలుకు ముద్ద కావాలి, అంటే 12 నుంచి 13 కిలోల పౌడర్. ఈ ఒక్క నంబర్ గుర్తుంటే చాలా విషయాలు వాటంతటవే తేలిపోతాయి. 20 కవరేజీ అంటే 100 స్క్వేర్ ఫీట్‌కి 5 కిలోలు, అంటే 0.4 మిల్లీమీటరు మందం. 30 కవరేజీ అంటే పావు మిల్లీమీటరు కన్నా కాస్త ఎక్కువ. రెండూ కలిపినా ముప్పావు మిల్లీమీటరు లోపే. లప్పం రెండు కోట్లూ కలిపి ఒకటిన్నర మిల్లీమీటరు దాటొద్దని మామూలుగా బస్తాల మీదే రాసుంటుంది, దాటితే పగుళ్ళు వస్తాయి, పెచ్చులూడుతుంది.

ఇప్పుడు ఇదే తిప్పి చూస్తే భయపడాల్సిన సంగతి ఒకటి బయటపడుతుంది. మేస్త్రి గోడని మట్టానికి సరిగ్గా తియ్యకపోతే, ఆ వంపు సరిచెయ్యడానికి గోడంతా సగటున ఇంకో 1 మిల్లీమీటరు లప్పం ఎక్కువ పడిందనుకోండి, ప్రతి 100 స్క్వేర్ ఫీట్‌కీ 12 కిలోలు అదనం. మామూలు లెక్కలో 100 స్క్వేర్ ఫీట్‌కి రెండు కోట్లకి పడేదే 8 కిలోల చిల్లర, అంటే ఒక్క మిల్లీమీటరు తేడాకి మెటీరియల్ రెండున్నర రెట్లు అవుతోంది. కాబట్టి లప్పం లెక్క అసలు ప్లాస్టింగ్ దగ్గరే డిసైడ్ అయిపోతుంది, బస్తా వెనక నంబర్ దగ్గర కాదు. ఈ మధ్య మన రెండు రాష్ట్రాల్లో నది ఇసుక బదులు రోబో సాండ్‌తో ప్లాస్టింగ్ చెయ్యడం బాగా పెరిగింది, ప్లాస్టింగ్ కోసం తయారుచేసిన సన్నటి రకం వాడితే ఇబ్బంది లేదు గానీ, స్లాబుకి తెచ్చిన గరుకు రకమే జల్లించకుండా గోడకీ కొట్టేస్తే గోడ చేత్తో రుద్దితేనే గీరుకుంటుంది, అలాంటి గోడ మీద మొదటి కోటు కిలోకి 12, 13 కూడా రావడం కష్టం.

గోడ ఎలా ఉందో తెలుసుకోవడానికి పెద్ద ఖర్చేం లేదు. మేస్త్రీలు వాడే ఆరడుగుల అల్యూమినియం బద్దని గోడకి ఆనించి పైకీ కిందకీ, అడ్డంగా, ఐమూలగా పెట్టి చూస్తే సందు ఎక్కడ ఎంతుందో తెలుస్తుంది. ఇంకా ఈజీ పద్ధతి, సాయంత్రం చీకటి పడ్డాక టార్చి లైటుని గోడకి ఆనించినట్టు పక్క నుంచి వెయ్యడం, గుంటలు, గడ్డలు, మేస్త్రి చెక్క ఆపిన చోట్లు అన్నీ నీడలై కనపడతాయి. బద్ద కింద 3 మిల్లీమీటర్లు, 4 మిల్లీమీటర్లు సందు ఉన్న చోట లప్పం పని కాదు, అక్కడ సన్నటి ఇసుక సిమెంటుతో ప్యాచ్ చేయించి దానికీ నీళ్ళు కొట్టించాలి. కరెంటు పైపుల కోసం కొట్టిన గాడులు, స్విచ్ బాక్సుల చుట్టూ ఉన్న ఖాళీలు కూడా అంతే, వీటిని లప్పంతో నింపేస్తే కిలోలు పోతాయి, తర్వాత అదే లైన్‌లో పగులు కూడా వస్తుంది. మేస్త్రి ఇంకా సైట్‌లో ఉండగానే ఇది చూసుకుంటే మంచిది, బిల్లు సెటిల్ అయిపోయాక పిలిస్తే వచ్చేది అరుదు.

ఇప్పుడు ఒక రూమ్ తీసుకుని మొత్తం లెక్క వేసి చూద్దాం. బెడ్‌రూమ్ 12 బై 11, ఫ్లోర్ నుంచి స్లాబు దాకా 10 అడుగులు. నాలుగు గోడల చుట్టుకొలత 46 అడుగులు, అంటే గోడలు 460 స్క్వేర్ ఫీట్. మెయిన్ డోర్ 3 బై 7, అది 21. బాత్‌రూమ్ డోర్ రెండున్నర బై 7, అది పదిహేడున్నర. కిటికీ 5 బై 4, అది 20. మొత్తం ఓపెనింగ్స్ యాభై ఎనిమిదిన్నర, అవి తీసేస్తే నాలుగొందల ఒకటిన్నర. కిటికీ లోపలి వైపు పక్కలు, పైన కలిపి 13 అడుగుల పొడవు, లోతు 4 అంగుళాలు, అది దాదాపు 4 స్క్వేర్ ఫీట్, దాన్ని వదిలెయ్యకూడదు, అది కలిపితే గోడలు సుమారు 406. సీలింగ్ 12 బై 11 అంటే 132. మొత్తం 538 స్క్వేర్ ఫీట్.

ఇక్కడ చిన్న మాట. పెయింటర్ కూలీ కొలతలో డోర్లు, కిటికీలు తియ్యకుండా గోడ మొత్తం కట్టడం చాలాచోట్ల అలవాటు, ఎందుకంటే ఆ అంచుల దగ్గర పని ఎక్కువ. అది కూలీ ఒప్పందం, దాని గొడవ వేరు. మెటీరియల్ లెక్కకి మాత్రం ఓపెనింగ్స్ తీసెయ్యాల్సిందే, తలుపు ఉన్న చోట లప్పం పడదు కదా. ఈ రెండు కొలతల్ని ఒకే కాగితం మీద కలిపేస్తే రెండూ పాడవుతాయి. అలాగే ఫాల్స్ సీలింగ్ వేసే ఆలోచన ఉంటే దాని పైన దాక్కునే గోడకీ స్లాబుకీ లప్పం అక్కర్లేదు, ఒక అడుగు కిందకి దించినా ఈ రూమ్‌లో గోడల్లోనే 46 స్క్వేర్ ఫీట్ తగ్గిపోతుంది, సీలింగ్ 132 కూడా పోతుంది.

ఇంకోటి, ఫ్లోర్ ఏరియాని మూడుతోనో మూడున్నరతోనో గుణిస్తే గోడలు, సీలింగ్ కలిపి లప్పం ఏరియా వచ్చేస్తుందని చెప్పే షార్ట్‌కట్. ఈ రూమ్‌లో ఫ్లోర్ 132, లప్పం ఏరియా 538, అంటే నాలుగు రెట్లు. అదే 20 బై 15 హాల్ అయితే గోడలు 700, సీలింగ్ 300, ఓపెనింగ్స్ ఓ 80 తీస్తే 920, అంటే ఫ్లోర్‌కి మూడు రెట్లే. రూమ్ చిన్నదయ్యే కొద్దీ గోడలు ఎక్కువ, ఫ్లోర్ తక్కువ, కాబట్టి చిన్న చిన్న రూములున్న ఇంటికి ఈ షార్ట్‌కట్ తక్కువ చూపిస్తుంది. బడ్జెట్ అంచనాకి ఓకే, బస్తాలు తెప్పించడానికి మాత్రం టేపు పట్టుకోవడమే మంచిది, రూమ్‌కి పది నిమిషాలు కూడా పట్టదు.

సరే, 538 స్క్వేర్ ఫీట్. మొదటి కోటు కిలోకి 20 చొప్పున గోడలకి 20.3 కిలోలు, సీలింగ్‌కి 6.6. రెండో కోటు కిలోకి 30 చొప్పున గోడలకి 13.5, సీలింగ్‌కి 4.4. మొత్తం 44.8 కిలోలు. బస్తా మీద నంబర్ 18తో నేరుగా భాగించి ఉంటే 30 కిలోలే వచ్చేది, ఒక 40 కిలోల బస్తాతో రూమ్ అయిపోయి ఇంకా మిగులుతుందని అనుకునేవాళ్ళం. గొడవ మొదలయ్యేది ఈ 15 కిలోల దగ్గరే.

అయితే ఈ 20, 30 కూడా ఎక్కడో సగటు గోడకి చెప్పే నంబర్లే, మన గోడ నంబర్ మన గోడే చెప్పాలి. దానికి ఒక ట్రయల్ చేస్తే సరిపోతుంది, పని మొదలైన మొదటి రోజు పొద్దున్నే చెయ్యొచ్చు. గోడ మీద 8 అడుగుల వెడల్పు, 10 అడుగుల ఎత్తు ముక్క గుర్తు పెట్టాలి, అది 80 స్క్వేర్ ఫీట్. బాగా నున్నగా ఉన్న ముక్కా కాదు, మరీ దరిద్రంగా ఉన్నదీ కాదు, మధ్యరకం చూసుకోవాలి. 6 కిలోల పౌడర్ తూకం వేసి 38 శాతం లెక్కన 2.28 లీటర్ల నీళ్ళు కలిపితే ముద్ద బరువు 8.28 కిలోలు. పెయింటర్‌ని మామూలుగా ఎలా లాగుతాడో అలాగే మొదటి కోటు లాగమనాలి, ట్రయల్ అని చెప్పి స్పెషల్‌గా చేయించకూడదు, అలా చేయిస్తే వచ్చే నంబర్ ఆ ముక్కకే పనికొస్తుంది. అయిపోయాక బకెట్‌లో, బ్లేడు మీద మిగిలిన ముద్దని తూకం వెయ్యాలి. మిగిలింది 1.9 కిలోలనుకోండి, అది ముద్ద బరువు, పౌడర్ కాదు, ఇక్కడే చాలామంది పొరపాటు పడతారు. 1.38తో భాగిస్తే అందులో పౌడర్ 1.38 కిలోలు. అంటే గోడకి ఎక్కింది 4.62 కిలోలు. 80ని 4.62తో భాగిస్తే కిలోకి 17.3 స్క్వేర్ ఫీట్.

ఇప్పుడు గోడల మొదటి కోటు 20.3 కాదు, 23.5 కిలోలు. సీలింగ్ ప్లాస్టింగ్ బాగుందనుకుని పాత నంబరే ఉంచితే మొత్తం 48 కిలోలు. దీనికి వేస్టేజీ కలపాలి. వేస్టేజీ అంటే కింద రాలేది ఒక్కటే కాదు, బకెట్‌లో గట్టిపడి పారేసేది అంతకన్నా ఎక్కువ. కలిపిన లప్పం రెండున్నర, మూడు గంటల్లోపు వాడెయ్యాలి, ఆ తర్వాత బిగుసుకుంటుంది, అప్పుడు కొంతమంది ఇంకాసిని నీళ్ళు పోసి మళ్ళీ కలిపి పెడతారు, అది గోడ మీద ఎండాక చేత్తో రుద్దితే పిండిలా రాలుతుంది. భోజనానికి ముందు పెద్ద బకెట్ కలపకుండా, ఒక గంటలో లాగగలిగినంతే కలిపితే వేస్టేజీ 5 శాతం దగ్గరే ఆగుతుంది, లేదంటే 10 దాటుతుంది. మధ్యస్తంగా 8 శాతం వేస్తే 51.8, అంటే 52 కిలోలు. ఆరిన తర్వాత ఎమరీ పేపర్ కొట్టినప్పుడు రాలే పొడిని దీనికి మళ్ళీ కలపక్కర్లేదు, అది కవరేజీలోనే ఉంది, ట్రయల్‌లో గోడకి ఎక్కించిన దానిలో నుంచే అది పోయేది.

52 కిలోలని బస్తాల్లోకి మార్చేటప్పుడు రూమ్ రూమ్‌కి పైకి రౌండ్ చెయ్యడం ఇంకో తప్పు. ఇలాంటివే నాలుగు రూములుంటే ఒక్కో రూమ్‌కి రెండు బస్తాలనుకుంటే ఎనిమిది అవుతాయి, మొత్తం కలిపితే 208 కిలోలు, ఐదు 40 కిలోల బస్తాలు, పైన ఇంకో చిన్న ప్యాకెట్‌లు, అంతే. మొత్తం ఒకసారే తెప్పించడం కన్నా మొదటి కోటుకి సరిపడా ముందు తెప్పించి, అది అయ్యాక ఎన్ని బస్తాలు ఖాళీ అయ్యాయో చూసి రెండో కోటుకి తెప్పించడం అన్నిటికన్నా నమ్మకమైన పద్ధతి, ఎందుకంటే మొదటి కోటు అయిపోయేసరికి గోడ నిజం మొత్తం బయటపడుతుంది. రంగు డబ్బాల్లాగా ఒకే బ్యాచ్ ఉండాలనే బాధ లప్పానికి లేదు. పైగా వానాకాలంలో సైట్‌లో పెట్టిన బస్తాలు తేమ పట్టి గడ్డలు కట్టేస్తాయి, గడ్డ కట్టిన పౌడర్‌ని జల్లించి వాడకూడదు, అది సిమెంట్ పని సగం అయిపోయిన సరుకు. ఈ ఒక్క రూమే చూస్తే మొదటి కోటుకి వేస్టేజీతో కలిపి 32.5 కిలోలు, 40 కిలోల బస్తాలో ఇంకా ఏడున్నర మిగులుతుంది, రెండో కోటుకి 19.3 కావాలి, అంటే ఇంకో 12 కిలోలు, ఒక 20 కిలోల బస్తా తెస్తే అయిపోతుంది.

కవరేజీ ఉన్నట్టుండి పడిపోయే కారణం ఇంకోటి ఉంది, అది ప్లాస్టింగ్ తప్పు కాదు. ఎండాకాలంలో, ముఖ్యంగా మే నెలలో, గోడ ఎముకలా ఎండిపోయి ఉంటుంది. దాని మీద నీళ్ళు చల్లకుండా లప్పం పెడితే గోడ వెంటనే అందులో నీళ్ళు పీల్చేస్తుంది, బ్లేడు జారదు, పెయింటర్‌కి పల్చగా లాగడం కుదరదు, మందంగా పడుతుంది, కిలోలు పెరుగుతాయి. ఇంకా నష్టం ఏంటంటే లప్పంలో ఉన్న వైట్ సిమెంట్‌కి గట్టిపడడానికి నీళ్ళు మిగలవు, రెండు రోజులయ్యాక గోరుతో గీకితే పొడి రాలుతుంది. అందుకే పెట్టే ముందు గోడ తడపాలి, తడి కనపడాలి గానీ నీళ్ళు కారకూడదు. ఇదే కారణంతో వైట్ సిమెంట్ లప్పం కింద ముందే ప్రైమర్ కొట్టడం అవసరం లేదు. మన దగ్గర చాలామంది పెయింటర్లు అలవాటుగా ముందు ఒక ప్రైమర్, తర్వాత లప్పం, మళ్ళీ ప్రైమర్ అని చెప్తారు, డబ్బాలో ముద్దగా వచ్చే యాక్రిలిక్ పుట్టీకి అది కరెక్టే, పౌడర్ లప్పానికి మాత్రం ప్లాస్టింగ్‌ని నేరుగా పట్టుకోనివ్వడమే మేలు. ప్లాస్టింగ్ మీద నేరుగా కొట్టే ఆ ప్రైమర్ బాగా తాగేస్తుంది కూడా, లీటరుకి 80 స్క్వేర్ ఫీట్ అనుకున్నా ఈ రూమ్‌కి దాదాపు 7 లీటర్లు, అవసరం లేని ఖర్చు. అన్నట్టు యాక్రిలిక్ పుట్టీ కిలోనీ పౌడర్ కిలోనీ పక్కపక్కన పెట్టి పోల్చకూడదు, డబ్బా కిలోలో నీళ్ళు ముందే ఉంటాయి.

ఇక ప్రైమర్. లప్పం రెండో కోటు పూర్తిగా ఆరి, ఎమరీ కొట్టి, ఆ పొడి మొత్తం పొడి గుడ్డతోనో మెత్తటి బ్రష్‌తోనో దులిపాక వాటర్ బేస్ ప్రైమర్ ఒక కోటు. పొడి దులపకపోతే ప్రైమర్ గోడని కాదు, పొడిని పట్టుకుంటుంది. లప్పం మీద లీటరుకి ఒక కోటు 100 నుంచి 120 స్క్వేర్ ఫీట్ పట్టుకోవచ్చు. 110 వేస్తే 538కి 4.9 లీటర్లు, రోలర్‌లో, ట్రేలో మిగిలేది 5 శాతం కలిపితే 5.1. అంటే 4 లీటర్ల డబ్బా ఒకటి, లీటరు డబ్బా ఒకటి సరిగ్గా అంచు మీద నడుస్తాయి, ఇల్లంతా ఒకేసారి అయితే 20 లీటర్ల బకెట్ తీసుకుంటే ఈ ఇబ్బంది రాదు. ప్రైమర్ రెండో కోటు వేస్తే అది లీటరుకి 140 దాకా వస్తుంది, ఇంకో 3.8 లీటర్లు.

ప్రైమర్‌లో కిలోకీ లీటరుకీ తేడా ఓనర్లని బాగా దెబ్బ కొడుతుంది. కొన్ని బకెట్లు లీటర్లలో వస్తాయి, కొన్ని కిలోల్లో, షాపులో రెండిటినీ "20ది" అనే పిలుస్తారు. ప్రైమర్ నీళ్ళకన్నా బరువు. ఒక లీటరు 1.4 కిలోలు తూగే ప్రైమర్ అనుకుంటే 20 కిలోల బకెట్‌లో ఉండేది 14.3 లీటర్లే. లీటరుకి 110 అంటే ఆ ప్రైమర్ కిలోకి 78 స్క్వేర్ ఫీట్ పైన మాత్రమే. 20 లీటర్లది 2200 స్క్వేర్ ఫీట్ వస్తే, 20 కిలోలది 1570 దగ్గర ఆగిపోతుంది. రేటు పోల్చేటప్పుడు బకెట్‌కి ఎంత అని కాకుండా స్క్వేర్ ఫీట్‌కి ఎంత అని చూస్తేనే ఏది చవకో తెలుస్తుంది. డబ్బా మీద నికర పరిమాణం ఏ యూనిట్‌లో ఉందో చదివి, బరువు డౌట్ ఉంటే లీటరు కొలతతో ఒకసారి తూకం వేస్తే సరిపోతుంది.

ప్రైమర్ కవరేజీ చెప్పేది మామూలుగా నీళ్ళు కలపక ముందు లీటరుకి, డబ్బా మీద రాసినన్ని నీళ్ళు కలిపి కొడితే అంత ఏరియా వస్తుందని. పెయింటర్ దానికి రెట్టింపు నీళ్ళు పోస్తే ఏరియా ఇంకా వస్తుంది, 5 లీటర్ల బదులు మూడున్నరతో రూమ్ అయిపోతుంది, ఓనర్‌కి ఆదా అయినట్టు కనపడుతుంది. కానీ గోడ మీదకి చేరిన జిగురు 70 శాతమే. అందుకే ప్రైమర్ లెక్కకన్నా బాగా తక్కువ పడినా అనుమానించాలి, ఎక్కువ పడితే మాత్రమే కాదు. ఆరాక నల్లటి గుడ్డతో గట్టిగా రుద్దితే తెల్లగా అంటుకుంటే, లేదా సెల్లో టేపు అంటించి ఒక్కసారిగా లాగితే దానికి పొడి వస్తే ప్రైమర్ పల్చబడినట్టు, లేదంటే కింద లప్పమే గట్టిపడనట్టు. రెండిట్లో ఏదో తేల్చడానికి ప్రైమర్ పడని మూల ఏదైనా ఉంటే, స్విచ్ బోర్డు వెనకో మరోచోటో, అక్కడ లప్పాన్ని గోరుతో గీకి చూడాలి. లప్పమే రాలుతుంటే ఇంకో కోటు ప్రైమర్ కొట్టడం డబ్బు దండగ, ఆ ముక్క గీకేసి తడిపి మళ్ళీ పెట్టాలి, దానికి మళ్ళీ కిలోకి 12 చొప్పునే లెక్క.

చివరిగా టైం సంగతి, ఇది కూడా కిలోలకి సంబంధించిందే. కొత్త ప్లాస్టింగ్‌కి కనీసం వారం రోజులు నీళ్ళు కొట్టి, ఆ తర్వాత నెల దాకా ఆరనివ్వాలంటారు, ఎందుకంటే ప్లాస్టింగ్ ఆరుతూ ముడుచుకుంటుంది, వెంట్రుకంత పగుళ్ళు ఆ టైంలోనే బయటికొస్తాయి. తొందరపడి పదో రోజే లప్పం పెట్టేస్తే ఆ పగుళ్ళు లప్పంలో నుంచి పైకొస్తాయి, మళ్ళీ టచప్‌లు, లెక్కలో లేని బస్తా ఒకటి అక్కడికి పోతుంది. లప్పం తడి గోడనైనా తట్టుకుంటుంది గానీ ప్రైమర్, దాని పైన పెయింట్ తట్టుకోవు, లోపలి తేమ బయటికి వస్తూ ఉప్పుని తెల్లగా పైకి తోస్తుంది, బుడగలు లేస్తాయి. ప్రైమర్‌కి ముందు ఒక అడుగు చదరం పాలిథిన్ కవరుని నాలుగు వైపులా టేపు వేసి గోడకి అంటించి ఒక రోజంతా ఉంచితే, లోపలి వైపు నీటి చుక్కలు కడితే గోడ ఇంకా ఆరలేదని అర్థం. బాత్‌రూమ్ పక్క గోడ, కింద నుంచి రెండడుగుల ఎత్తు వరకు, ఉత్తరం వైపు ఎండ తగలని గోడ, ఈ మూడు చోట్ల విడివిడిగా అంటించి చూడాలి, మిగతా గోడలు ఆరినా ఇవి ఆలస్యంగా ఆరతాయి.